పునరుత్పాదక శక్తి మీద గ్రూప్ ప్రాజెక్టు: ఐదుగురు, పన్నెండు నిమిషాలు, రెండు భాషల స్లైడ్లు

ప్రశ్న: "మేం డిగ్రీ రెండో ఏడాది, ఐదుగురం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి పునరుత్పాదక శక్తి తీసుకుని మా ఊరి హైస్కూల్లో సర్వే చేశాం. చెప్పడానికి 12 నిమిషాలు, ప్రశ్నలకి 5 నిమిషాలు ఇచ్చారు. హెడ్మాస్టరు గారు, సర్పంచి గారు వస్తారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారికి తెలుగు రాదు. అందుకని స్లైడ్లు రెండు భాషల్లో ఉండాలన్నారు. ఒకరు సోలార్, ఒకరు గాలి, ఒకరు జలవిద్యుత్తు, ఒకరు బయోగ్యాస్, ఒకరు భూగర్భ ఉష్ణశక్తి చెబుదామనుకుంటున్నాం. ఇలా పంచుకుంటే సరిపోతుందా? స్లైడ్ల మీద రెండు భాషలూ ఎలా పెట్టాలి?"

అలా పంచుకోకండి. ఐదు శక్తి వనరులు ఐదుగురు చెబితే ఐదు చిన్న పాఠాలు అవుతాయి, ఒక ప్రాజెక్టు అవదు. మీ సర్వే అందులో ఎక్కడా కనబడదు. భూగర్భ ఉష్ణశక్తి వంతు వచ్చినవాళ్లకి మీ ఊరి గురించి చెప్పడానికి ఒక్క మాట కూడా ఉండదు. ఒకే ప్రశ్న తీసుకోండి: ఈ స్కూలు మీద ఎన్ని కిలోవాట్ల సోలార్ పెడితే సరిపోతుంది, ఎంతవుతుంది, దాంతో కాని పనులేవి? ఆ ప్రశ్నలోని మెట్లనే మీ ఐదుగురి పాత్రలుగా పెట్టుకోండి. భాష సంగతి: మాట్లాడేది తెలుగులో, స్లైడ్ మీద పెద్దక్షరాలు తెలుగువి, కింద చిన్నగా ఒక్క ఇంగ్లిష్ వాక్యం, అంకెలు ఇద్దరికీ ఉమ్మడి. ప్రతి వాక్యాన్నీ రెండు భాషల్లో రాస్తే ఏదీ చదవలేరు.

ముందు లెక్క కుదరాలి. పాత్రలూ స్లైడ్లూ దాని నుంచే వస్తాయి. మీ స్కూలు అంకెలు నా దగ్గర లేవు కాబట్టి ఒక మోస్తరు హైస్కూలు లెక్క వేసి చూపిస్తాను. మీ అంకెలు అందులో పెట్టుకోండి.

లెక్క బిల్లుల దగ్గర మొదలవ్వాలి. హెడ్మాస్టరు గారిని అడిగి 12 నెలల కరెంటు బిల్లులు ఫొటో తీసుకోండి. ఒక్క నెల బిల్లు తీసుకుని పన్నెండుతో గుణిస్తే స్కూలు విషయంలో తప్పవుతుంది, వేసవి సెలవులు ఉంటాయి కదా. మన ఉదాహరణలో పది నెలలు నెలకి 430 యూనిట్లు, మేలో 120, జూన్‌లో 200 వచ్చాయనుకుందాం. ఏడాదికి 4,620 యూనిట్లు.

తర్వాత గది గదికీ తిరిగి వస్తువులు లెక్కపెట్టండి. 24 ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు, రోజుకి 6 గంటలు, నెలకి 22 పనిదినాలు అంటే దాదాపు 238 యూనిట్లు. 20 ట్యూబులైట్లు ఒక్కోటి 20 వాట్లు, రోజుకి 3 గంటలు అంటే 26. కంప్యూటర్లు 8, ఒక్కోటి 100 వాట్లు, 2 గంటలు అంటే 35. ఒక హెచ్‌పీ బోరు మోటారు రోజుకి 2 గంటలు, 26 రోజులు అంటే 39. మొత్తం 338. బిల్లు మాత్రం 430 చూపిస్తోంది. ఈ తేడానే మీ సర్వేలో అసలు విషయం. దాన్ని దాచకండి, వెతకండి. చాలా స్కూళ్లలో వరండా లైట్లు రాత్రంతా వెలుగుతుంటాయి. 50 వాట్లవి నాలుగు, 12 గంటల చొప్పున, 30 రోజులు అంటే 72 యూనిట్లు. ఇప్పుడు 410 అయింది. మిగతా 20 యూనిట్లు చిన్నాచితకా వాడకం అనుకోవచ్చు. బిల్లుకీ లెక్కకీ ఇంత దగ్గర కుదిరిందంటే మీరు నిజంగా బడికి వెళ్లి లెక్కపెట్టారని ఎవరికైనా తెలుస్తుంది. పైగా ఆ 72 యూనిట్లు రాత్రి వాడకం. సోలార్ గురించి మాట్లాడేటప్పుడు దానితో మళ్లీ పని పడుతుంది.

ఇక ఎంత పెట్టాలి? మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక కిలోవాట్ సోలార్ సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుందని లెక్క వేసుకోవచ్చు. అంటే ఏడాదికి 1,460. స్కూలు వాడకాన్ని దీంతో భాగిస్తే 3.16 వస్తుంది. 3 కిలోవాట్లు తీసుకుంటే ఏడాదికి 4,380 యూనిట్లు, అంటే వాడకం కంటే కొంచెం తక్కువ. ఇదే కావాలి. మేడ పెద్దదిగా ఉందని 10 కిలోవాట్లు పెట్టేయడం విద్యార్థుల ప్రాజెక్టుల్లో మామూలుగా కనబడే తప్పు. మేడ ఎంత ఉందన్నది హద్దు మాత్రమే. ఎంత పెట్టాలో చెప్పేది బిల్లు.

కిలోవాట్‌కి నీడపడని చోటు దాదాపు 10 చదరపు మీటర్లు కావాలి, అంటే 3 కిలోవాట్లకి 30. ఇక్కడ లెక్క తెలిసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు ఉంటుంది, ఆరు కలిపినా పదిహేనున్నర చదరపు మీటర్లే కదా, మిగతాది దేనికి? ఒక వరస నీడ వెనక వరస మీద పడకుండా వదిలే జాగా, నడిచి వెళ్లి కడగడానికి దారి, పిట్టగోడ నీడకి వదిలే అంచు. ఈ జవాబు తెలిసి ఉండాలి. ఇంకొకటి, ఆ ఆరు ప్యానెళ్లు కలిపితే 3.24 కిలోవాట్లు. ఒక స్లైడ్ మీద 3, ఇంకో స్లైడ్ మీద 3.24 అని ఉంటే ఐదుగురూ విడివిడిగా చేసి అతికించారని దొరికిపోతారు. లెక్కంతా 3 మీదే నడపండి, 3.24 నోటితో ఒక్కసారి చెప్పండి.

ఖర్చు దగ్గర ఊహని ఊహగానే చెప్పాలి. కనీసం ఇద్దరు స్థానిక ఇన్‌స్టాలర్ల దగ్గర కొటేషన్ తీసుకోండి. ఇక్కడ లెక్క కోసం కిలోవాట్‌కి 60,000 చొప్పున 1,80,000 రూపాయలు, బిల్లులో యూనిట్ ధర 7 రూపాయలు అనుకుందాం. 4,380 యూనిట్లకి ఏడాదికి 30,660 రూపాయల ఆదా, అంటే దాదాపు ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి. సెలవుల్లో స్కూలు వాడని కరెంటు గ్రిడ్డుకి వెళ్తుంది, దానికి ఎంత ధర కడతారన్నది మీటరింగ్ పద్ధతిని బట్టి ఉంటుంది. ఏడాదికి 600 యూనిట్లకి 7 బదులు 3 రూపాయలే వచ్చాయనుకుంటే 2,400 తగ్గుతుంది. కడగడానికి, చిన్న మరమ్మతులకి 2,000 తీసేయండి. మిగిలింది 26,260. అప్పుడు దాదాపు ఏడేళ్లు. స్లైడ్ మీద "6 నుంచి 7 ఏళ్లు" అని రాయండి. ఫిక్స్‌డ్ చార్జీలు సోలార్ పెట్టినా పోవు, "బిల్లు సున్నా" అనే మాట వాడకండి.

సబ్సిడీ విషయంలో జాగ్రత్త. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు ఇస్తారని అందరికీ తెలుసు. అది ఇళ్లకి ఇచ్చేది. స్కూలు లెక్కలో ఆ 78,000 తీసేస్తే మీ మొత్తం ఖర్చు స్లైడ్ పోయినట్టే. సర్పంచి గారు తన ఇంటికి వస్తుందా అని అడిగితే మాత్రం చెప్పగలగాలి.

ఇప్పుడు పాత్రలు. ప్రతి ఒక్కరికీ రెండు పనులు: ముందు నిలబడి చెప్పేది ఒకటి, వెనక చేసేది ఒకటి. వెనక పనులు పంచుకోని గ్రూపుల్లో అన్నీ ఒక్కరే చేస్తారు, మిగతా నలుగురికి ముందు రాత్రి స్లైడ్లు వాట్సాప్‌లో వస్తాయి.

మొదటివారు వాడకం చెబుతారు: బిల్లులు, గదుల లెక్క, ఆ తేడా ఎలా దొరికింది. రెండున్నర నిమిషాలు. స్కూలుకి ఎక్కువసార్లు వెళ్లినవాళ్లు ఇది తీసుకోవాలి. వీరి వెనక పని అంకెల కాపలా. ఏ స్లైడ్ మీద ఏ అంకె ఉందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకే ఒక్క షీట్‌లో రాసి పెట్టాలి. ఎవరు అంకె మార్చాలన్నా ముందు వీరికి చెప్పాలి.

రెండోవారు ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేది చెబుతారు. మూడు నిమిషాలు, ఎందుకంటే లెక్క మెల్లగా నడవాలి. మేడ కొలతలు, ప్యానెళ్లు దక్షిణం వైపు ఎందుకు, వాలు ఎంత. మన ప్రాంతం అక్షాంశానికి దగ్గరగా 15 నుంచి 18 డిగ్రీలు చాలు. మేడ బొమ్మ చేత్తో గీసి ఫొటో తీసి పెట్టినా ఫరవాలేదు, నీళ్ల ట్యాంకూ చెట్టూ దాని నీడా చూపించండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి అదే చోట నిలబడి తీసిన మూడు ఫొటోలు పక్కపక్కన పెడితే నీడ గురించి వేరే చెప్పక్కర్లేదు. స్లైడ్లు కలిపి ఒకే ఫైల్ చేయడం వీరి వెనక పని.

మూడోవారు అది ఎలా పనిచేస్తుందో చెబుతారు: ప్యానెల్ నుంచి డీసీ, ఇన్వర్టర్‌లో ఏసీ, అక్కడి నుంచి స్కూలు బోర్డు, మిగిలింది మీటరు గుండా గ్రిడ్డుకి. రెండున్నర నిమిషాలు. సిలికాన్, పీఎన్ జంక్షన్ అంటూ లోపలికి వెళ్లొద్దు, అడిగితే చెప్పొచ్చు. ఎండకీ వేడికీ తేడా మాత్రం తప్పక చెప్పాలి. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి దానికి నష్టం. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మన వేసవిలో ప్యానెల్ 60 డిగ్రీలకి చేరితే పది నుంచి పద్నాలుగు శాతం దాకా పోతుంది. రోహిణీ కార్తెలో కంటే మార్చిలో ఎక్కువ కరెంటు రావడంలో వింత లేదు. తెలుగు పదాల బాధ్యత వీరిదే, దాని గురించి కింద రాస్తాను.

నాలుగోవారు ఖర్చు, పరిమితులు. రెండున్నర నిమిషాలు. గ్రూపులో ప్రశ్నలకి తడబడనివాళ్లు ఇది తీసుకోవాలి, ప్రశ్నల్లో సగం ఇక్కడే వస్తాయి. ప్రశ్నలూ జవాబుల కాగితం తయారుచేయడం వీరి వెనక పని.

ఐదోవారు మొదట ఒక నిమిషం ఇంగ్లిష్‌లో మొత్తం విషయం చెబుతారు: స్కూలు ఏది, ప్రశ్న ఏమిటి, జవాబు ఏమిటి. తెలుగు రానివారికి మొదటి నిమిషంలోనే జవాబు తెలిసిపోతే తర్వాత తెలుగులో నడిచినా అంకెలు చూస్తూ వెంట వస్తారు. చివర అర నిమిషం తెలుగులో, హెడ్మాస్టరు గారు ఏం చేయాలో ఒక్క మాటలో చెప్పి ముగిస్తారు. మధ్యలో స్లైడ్లు మార్చేదీ టైము చూసేదీ వీరే. మాట్లాడేవాళ్లే కంప్యూటర్ దగ్గరికి వెళ్లి స్లైడ్ మారుస్తుంటే ఒక్కో మార్పుకి నాలుగైదు సెకన్లు పోతాయి, మాట వరస తెగుతుంది. సరిగా ఇంగ్లిష్ మాట్లాడగలిగినవాళ్లకి పెద్ద భాగం ఇవ్వాలని అందరికీ అనిపిస్తుంది. ఇవ్వకండి. మీ సభకి ఆ ఒక్క నిమిషం ఇంగ్లిష్ చాలు, అది తడుముకోకుండా రావాలి.

ఇలా అయితే మొత్తం 12 నిమిషాలు. రాసుకునేటప్పుడు నిమిషానికి 90, మహా అయితే 100 తెలుగు మాటలు వేసుకోండి. తెలుగు మాటలు పొడవు కాబట్టి ఇంగ్లిష్ లెక్క పనికిరాదు. రెండున్నర నిమిషాల వారి కాగితం మీద 240 మాటలు దాటితే కోయాల్సిందే. ఒకరి నుంచి ఒకరికి మారేటప్పుడు "ఇప్పుడు నా స్నేహితుడు వివరిస్తాడు" అని కాకుండా ఒక ప్రశ్న అందించండి: "ఏడాదికి 4,620 యూనిట్లు కావాలి. మరి ఎన్ని ప్యానెళ్లు?" వచ్చేవారు నేరుగా జవాబుతో మొదలుపెడతారు.

ఎవరైనా ఆ రోజు రాకపోతే? వరసలో పక్కవారి భాగం ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా చెప్పి చూసి ఉండాలి. రిహార్సల్లో ఒకసారి వరస ఒక్కో స్థానం జరిపి చేయండి. ఎవరికి విషయం అర్థం కాలేదో, ఎవరు బట్టీ పట్టారో అప్పుడే బయటపడుతుంది.

స్లైడ్లు ఎనిమిది చాలు: పేరు, బిల్లు, గదుల లెక్క, ఎన్ని కిలోవాట్లు, మేడ, ఎలా పనిచేస్తుంది, ఖర్చు, సోలార్‌తో కాని పనులు. ప్రతి స్లైడ్ పైన శీర్షిక ఒక పూర్తి వాక్యంగా ఉండాలి. "సోలార్ ప్యానెల్" అని రాస్తే చూసేవారికి ఏమీ తెలియదు. నాలుగో స్లైడ్ ఇలా ఉంటుంది:

```
3 కిలోవాట్ల సోలార్‌తో స్కూలు అవసరం చాలావరకు తీరుతుంది
3 kW solar can meet most of the school's yearly need

వాడకం / Use        4,620 యూనిట్లు / kWh
ఉత్పత్తి / Output    4,380 యూనిట్లు / kWh
```

దీని కింద రెండు నిలువు పట్టీల గ్రాఫ్, అంతే. తెలుగు వాక్యం 32 పాయింట్లు, ఇంగ్లిష్ 20 నుంచి 22. ఒకే సైజు పెట్టినా తెలుగు చిన్నగా కనబడుతుంది, ఎందుకంటే తలకట్లూ గుడులూ పైన, ఒత్తులు కింద చోటు తీసుకుంటాయి, అసలు అక్షరానికి మధ్యలో కొంచెమే మిగులుతుంది. అందుకే 24 కంటే చిన్న తెలుగు ఎక్కడా వద్దు. రెండు భాషలకీ రెండు రంగులు పెట్టండి, తెలుగు నలుపు, ఇంగ్లిష్ ముదురు నీలం. రెండు మూడు స్లైడ్లయ్యేసరికి ఎవరి భాష రంగు వాళ్ల కంటికి అలవాటై రెండోదాన్ని చదవడం మానేస్తారు. ఎడమ సగం తెలుగు, కుడి సగం ఇంగ్లిష్‌గా చీల్చే పద్ధతి బాగుంటుందనిపిస్తుంది కానీ బొమ్మకి చోటు మిగలదు, రెండూ చిన్నవైపోతాయి. గ్రాఫులో నెలల పేర్లు ఒక్క భాషలో చాలు. అంకెలు రెంటికీ ఒకేలా, 1,80,000 అని మన కామాలతోనే రాయండి.

ఇంగ్లిష్ వాక్యం తెలుగుకి మాటకి మాట అనువాదం కానక్కర్లేదు. అదే విషయం చెబితే చాలు. ముందు ఇంగ్లిష్‌లో రాసి తర్వాత తెలుగు చేస్తే "సౌర ఫలకాల సంస్థాపన ద్వారా విద్యుత్ అవసరాల పరిపూర్తి" లాంటివి వస్తాయి, సర్పంచి గారికి అవి ఇంగ్లిష్ కంటే కష్టం. ముందు తెలుగులో, మీ ఊళ్లో చెప్పినట్టు రాసుకోండి.

పదాల దగ్గర అసలు చిక్కు "సామర్థ్యం". మన తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకాల్లో పవర్ అంటే సామర్థ్యం, ఎనర్జీ అంటే శక్తి, ఎఫిషియెన్సీ అంటే దక్షత. పేపర్లలో ప్లాంట్ కెపాసిటీని కూడా సామర్థ్యమే అంటారు. మామూలు మాటల్లో ఎఫిషియెన్సీని కూడా సామర్థ్యమే అంటారు. ఐదుగురు మూడు అర్థాల్లో ఒకే మాట వాడితే వినేవారికి గందరగోళమే. మూడోవారు పది పదాల పట్టిక వేసి అందరికీ ఇవ్వాలి, అందరూ అవే మాటలు వాడాలి. నా సలహా: ప్లాంట్ సైజుకి "3 కిలోవాట్ల ప్లాంటు" అనండి, ఎఫిషియెన్సీకి "దక్షత" అనండి, "సామర్థ్యం" మాట స్లైడ్ల మీద అసలు వద్దు. ప్యానెల్, ఇన్వర్టర్, గ్రిడ్, మీటర్, యూనిట్ అనే మాటలు అలాగే ఉంచండి, ఊళ్లో అందరికీ తెలిసినవే.

దీని తర్వాత వచ్చే తప్పు కిలోవాట్‌నీ కిలోవాట్ అవర్‌నీ కలిపేయడం. "మా ప్లాంటు రోజుకి 3 కిలోవాట్లు ఇస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు, ఎక్స్‌టర్నల్ గారు అక్కడే పట్టుకుంటారు. దీన్ని పొలం మోటారుతో చెబితే ఇటు మీకూ అటు సర్పంచి గారికీ తేలిక. 5 హెచ్‌పీ అనేది మోటారు సైజు, అది దాదాపు 3.7 కిలోవాట్లు. మోటారు ఆగి ఉన్నా దాని సైజు అంతే. అది గంటసేపు ఆడితే ఖర్చయ్యేది దాదాపు 3.7 యూనిట్లు. అలాగే 3 కిలోవాట్లు మన ప్లాంటు సైజు. రోజుకి వచ్చేది 12 యూనిట్లు.

పెద్ద ప్రాజెక్టుల గురించి ఒక్క వాక్యం చెప్పాలనుంటే ఇదే మాటలతో చెప్పండి: రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద తేలే సోలార్ ప్లాంటు 100 మెగావాట్లది, కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది. మొదటి ఇంగ్లిష్ నిమిషంలో పోలికకి ఒకటి వాడుకోవచ్చు. దానికి వేరే స్లైడ్ అక్కర్లేదు.

ఫాంట్ల గొడవ చాలా ప్రెజెంటేషన్లని మొదటి స్లైడ్‌కే ముంచుతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైప్ చేయించారంటే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అంతా పిచ్చిగీతలే వస్తాయి. అది యూనికోడ్ కాదు. అక్షరాల రూపం మాత్రమే తెలుగు, లోపలున్నవి వేరే సంకేతాలు. యూనికోడ్‌లోనే టైప్ చేయండి, ఫోన్‌లో టైప్ చేసుకుని పంపుకున్నా చాలు. Nirmala UI విండోస్ 8 నుంచి అన్నింట్లో ఉంటుంది, పాత విండోస్ 7 అయితే Gautami ఉంటుంది. Noto Sans Telugu, Mandali, Ramabhadra అందంగా ఉంటాయి కానీ కాలేజీ కంప్యూటర్లో ఉండవు. అవి వాడితే File > Options > Save దగ్గర Embed fonts in the file టిక్ పెట్టి సేవ్ చేయాలి. ఏది వాడినా పీడీఎఫ్ కాపీ కూడా చేసుకోండి, ఆ రోజు అదే ఆదుకుంటుంది.

లైన్ స్పేసింగ్ Exactly అని పెడితే కింది ఒత్తులు కోసేసినట్టు కనబడతాయి. Multiple పెట్టి 1.2 ఇవ్వండి. అక్షరాల మధ్య ఎడం పెంచే Character Spacing తెలుగుకి వాడొద్దు, అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట అవుతాయి. "గ్రిడ్‌కి" అని టైప్ చేస్తే కొన్ని కీబోర్డుల్లో డకి కింద క ఒత్తు పడిపోతుంది. దాంతో కుస్తీ పట్టే బదులు "గ్రిడ్డుకి" అని రాసేయండి, పలికేదీ అలాగే. అన్నీ అయ్యాక "స్థాపిత, విద్యుదుత్పత్తి, కార్బన్ డయాక్సైడ్" అని ఒక లైను కాలేజీ కంప్యూటర్లో తెరిచి చూడండి. ఆ ఒత్తులు సరిగ్గా వస్తే అన్నీ వస్తాయి.

ప్రశ్నల ఐదు నిమిషాలు. ప్రశ్న రాగానే ఐదోవారు దాన్ని రెండో భాషలో ఒక్క వాక్యంలో చెప్పి, ఎవరు జవాబిస్తారో పేరు పెట్టి పిలవాలి. సర్పంచి గారు ఏం అడిగారో ఎక్స్‌టర్నల్ గారికి తెలుస్తుంది, జవాబిచ్చేవారికి పది సెకన్లు ఆలోచించుకునే వీలు దొరుకుతుంది. ఒకరి జవాబు మీద ఇంకొకరు ఎగబడొద్దు.

ఊరివాళ్ల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న: "కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయా?" తిరగవు. బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. ఆగకపోతే మన ప్యానెళ్ల కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణాల మీదికి వస్తుంది. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, అప్పుడు ఖర్చు పెరిగి ఏడేళ్ల లెక్క ఇంకా వెనక్కి జరుగుతుంది. దీన్ని ఎవరో అడిగేదాకా ఆగకుండా ఎనిమిదో స్లైడ్ మీద మీరే పెట్టండి. వినకూడని మాట అని దాస్తే, రేపు ప్లాంటు పెట్టించుకున్నాక ఆ స్కూలు మిమ్మల్నే అంటుంది.

"రాత్రి సంగతేంటి?" అంటే మొదటివారి 72 యూనిట్లు ఇక్కడ పనికొస్తాయి. వరండా లైట్లు గ్రిడ్ కరెంటు మీదే వెలుగుతాయి. అవి 50 వాట్లవి తీసి 15 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే నెలకి 72 యూనిట్లు 22కి దిగుతాయి, దానికి ప్యానెళ్లతో పనే లేదు. రాష్ట్రం స్థాయిలో అడిగితే పంప్డ్ స్టోరేజి చెప్పొచ్చు: పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పై జలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గరి 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఈ పద్ధతిదే.

"కోతులు?" అని కూడా అడుగుతారు, నవ్వి తప్పించుకోకండి. గట్టి గాజు కాబట్టి కూర్చుంటే ఏమీ కాదు, రాళ్లు పడితేనూ వైర్లు పీకితేనూ నష్టం. వైర్లన్నీ పైపుల్లోంచి తీయాలి, ప్యానెళ్ల కింద వేలాడనివ్వకూడదు. దుమ్ముకి పదిహేను రోజులకోసారి ఉదయం పూట మామూలు నీళ్లతో కడిగితే చాలు. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చల్లనీళ్లు పోయకూడదు.

ఎక్స్‌టర్నల్ గారు కార్బన్ గురించి అడగొచ్చు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే 4,380 యూనిట్లకి ఏడాదికి సుమారు 3 టన్నులు. అక్కడితో ఆపండి. "ఇన్ని చెట్లతో సమానం" అంటే చెట్టుకి ఎన్ని కిలోలు, ఏ చెట్టు, ఎన్నేళ్ల చెట్టు అనే ప్రశ్న వెంటనే వస్తుంది.

చిన్న ప్యానెల్‌తో డెమో చూపించాలనుంటే ఒక సంగతి. గదిలో ట్యూబులైట్ కింద చిన్న ఫ్యాన్ కూడా తిరగదు, ఎల్‌ఈడీ బల్బు దగ్గర పెట్టినా దాదాపు అంతే. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు దగ్గరగా పెట్టి చూడండి, అదీ ముందే పరీక్షించండి, లేదా కిటికీ దగ్గర ఎండ పడే టైము చూసుకోండి. ఫ్యాన్ తిరుగుతుండగా ప్యానెల్ మీద ఒక మూల అరచెయ్యి అడ్డం పెడితే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదానికి నీడపడినా మిగతావాటి కరెంటుకీ అడ్డే. రెండోవారు నీళ్ల ట్యాంకు నీడ గురించి చెప్పేటప్పుడు ఇది పది సెకన్లలో చూపించేయొచ్చు.

రిహార్సళ్లు మూడు. మొదటిది స్లైడ్లు లేకుండా, కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ చెప్పండి. లెక్క ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. రెండోది ఆ గదిలోనే, ఆ ప్రొజెక్టర్ మీదే, ఒకరు చివరి బెంచీలో కూర్చుని చూడాలి. పగటి వెలుతురులో లేత పసుపు, లేత ఆకుపచ్చ గీతలు అసలు కనబడవు, గ్రాఫు రంగులు అక్కడే మార్చుకోండి. మూడోదానికి ఫిజిక్స్ చదవని మీ ఇంటివాళ్లని ఒకరిని, తెలుగు రాని స్నేహితుణ్ణి ఒకరిని కూర్చోబెట్టండి. అయ్యాక ఇద్దరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: ఎన్ని కిలోవాట్లు, ఎన్నేళ్లు, కరెంటు పోతే ఏమవుతుంది? ఇద్దరూ ఒకే జవాబు చెబితే మీ స్లైడ్లు రెండు భాషల్లోనూ పనిచేస్తున్నట్టు. ఒకరికి ఏదైనా తెలియకపోతే ఏ స్లైడ్ మీద ఏ భాష వాక్యం దిద్దాలో అక్కడే తెలిసిపోతుంది.